ఎనిమిదికి కేంద్రం తప్పదు

ఒక చదరపు అట్టముక్కను కాగితం మీద పెట్టి, దాని అంచు వెంట పెన్సిలుతో గీత గీయండి. అట్టను పైకెత్తి, తిప్పో తిరగేసో, మళ్లీ ఆ గీతలో సరిగ్గా ఇమిడేలా పెట్టాలి. ఇలా ఎన్ని రకాలుగా పెట్టవచ్చు? అసలు కదపకుండా వదిలేయడం ఒకటి. 90, 180, 270 డిగ్రీలు తిప్పడం మరో మూడు. మధ్యగా నిలువు గీత ఉందనుకుని దాని చుట్టూ తిరగేయవచ్చు, అడ్డగీత చుట్టూ తిరగేయవచ్చు, రెండు కర్ణాల చుట్టూ కూడా తిరగేయవచ్చు. అవి నాలుగు. మొత్తం 8 కదలికలు. తొమ్మిదోది లేదు.

వీటిలో ఏ రెండింటిని ఒకదాని వెంట ఒకటి చేసినా, ఫలితం ఈ ఎనిమిదిలోనే ఏదో ఒకటి అవుతుంది. చేసిన ప్రతి కదలికనూ వెనక్కి తీసుకోవచ్చు. ఇలాంటి ఏర్పాటును గణితంలో సమూహం అంటారు. కాలేజీల్లో గ్రూపు అన్న మాటే ఎక్కువగా వినబడుతుంది. అందులో ఉన్న కదలికల సంఖ్య ఆ సమూహపు పరిమాణం. చదరానిది 8.

సంఖ్యల కూడికలో వరస మారినా జవాబు మారదు. కదలికల సంగతి అలా కాదు. చదరంలో ఎడమ పై మూలను గమనించండి. ముందు గడియారం దిశలో 90 డిగ్రీలు తిప్పితే అది కుడి పైకి వెళ్తుంది. ఆ తర్వాత నిలువు గీత చుట్టూ తిరగేస్తే మళ్లీ ఎడమ పైకే వచ్చేస్తుంది. ఇప్పుడు వరస మార్చండి. ముందు తిరగేస్తే మూల కుడి పైకి పోతుంది, తర్వాత తిప్పితే కుడి కిందికి దిగుతుంది. అవే రెండు కదలికలు, వేర్వేరు ఫలితాలు.

అయితే ఈ ఎనిమిదిలో ఒకటి మాత్రం ఎవరితోనూ పేచీ పెట్టుకోదు. అది 180 డిగ్రీల తిప్పుడు. దాన్ని ముందు చేసినా తర్వాత చేసినా, పక్కన ఏ కదలిక ఉన్నా ఫలితం ఒకటే. ఓపిక ఉంటే ఏడింటితోనూ సరిచూడవచ్చు. ఇలా సమూహంలోని ప్రతి కదలికతోనూ వరస పట్టింపు లేకుండా కలిసిపోయే కదలికలన్నిటినీ కలిపి ఆ సమూహపు కేంద్రం అంటారు. అసలు కదపకపోవడం ఏ సమూహంలోనైనా కేంద్రంలో ఉంటుంది, అందులో విశేషం లేదు. చదరానికి దానితోపాటు 180 డిగ్రీల తిప్పుడు కూడా ఉంది, కాబట్టి కేంద్రంలో ఇద్దరు సభ్యులు.

అదే పనిని సమబాహు త్రిభుజంతో చేసి చూడండి. కదలికలు 6: కదపకపోవడం, 120, 240 డిగ్రీల తిప్పుళ్లు, మూడు తిరగేతలు. వీటిలో అందరితోనూ కలిసిపోయేది వెతికితే, కదపకపోవడం తప్ప ఇంకేదీ దొరకదు. కేంద్రం ఖాళీ అన్నంత పని.

చదరానికి కేంద్రం ఉండటం, త్రిభుజానికి లేకపోవడం ఆ ఆకారాల అదృష్ట దురదృష్టాలని అనిపించవచ్చు. చదరం విషయంలో అది అదృష్టం కాదు. 8 పరిమాణం ఉన్న ఏ సమూహాన్ని తెచ్చినా, అది ఏ ఆకారం నుంచి పుట్టినా, అసలు ఆకారమే లేకపోయినా, దానికి కేంద్రం ఉండి తీరుతుంది. 9కీ అంతే, 16కీ అంతే, 27కీ 125కీ అంతే. పరిమాణం ఒకే ఒక్క ప్రధాన సంఖ్య ఘాతమైతే చాలు. సమూహం లోపల ఏముందో చూడకుండా, తలలు లెక్కపెట్టినంత మాత్రాన ఈ సంగతి తేలిపోతుంది. దీనికి కారణం ఒక పేజీలో ఇమిడేంత చిన్నది. కాస్త నిదానంగా చూద్దాం.

నిలువు గీత తిరగేతను తీసుకోండి. దానికి ముందు చదరాన్ని 90 డిగ్రీలు తిప్పి, తర్వాత తిరగేసి, చివర్న ఆ 90 డిగ్రీలనూ వెనక్కి తిప్పండి. ఎడమ పై మూల ఎక్కడికి చేరింది? మొదట కుడి పైకి, అక్కణ్ణుంచి ఎడమ పైకి, చివరికి ఎడమ కిందికి. అంటే మొత్తంగా జరిగింది అడ్డగీత చుట్టూ తిరగేత. పక్క నుంచి నిలబడి చూసినవాడికి నిలువు గీత అడ్డగీతలా కనబడినట్టే ఇది. ఒక కదలికకు ముందు g అనే మరో కదలికను చేసి, తర్వాత దాన్ని వెనక్కి తీసుకుంటే వచ్చేదాన్ని ఆ కదలికకు ఇంకో రూపం అందాం. అలా ఒకదానికొకటి రూపాలైన కదలికలన్నీ ఒక కుటుంబం. వీటికి పాఠ్యగ్రంథాల్లో సంయుగ్మ తరగతులని పేరు.

చదరంలో కుటుంబాలు ఇలా ఏర్పడతాయి. నిలువు తిరగేత, అడ్డ తిరగేత ఒక కుటుంబం. రెండు కర్ణాల తిరగేతలు మరో కుటుంబం. 90, 270 డిగ్రీల తిప్పుళ్లు ఇంకో కుటుంబం, ఎందుకంటే అట్టను తిరగేసి చూసేవారికి కుడివైపు తిప్పినది ఎడమవైపు తిప్పినట్టు ఉంటుంది. ఇక 180 డిగ్రీల తిప్పుడు ఎటునుంచి చూసినా అదే. దానిది ఒంటరి కుటుంబం. కదపకపోవడమూ ఒంటరే. అంటే

8 = 1 + 1 + 2 + 2 + 2

ఒంటరి కుటుంబమంటే ఏమిటి? g ఏదైనా సరే, రూపం మారని కదలిక. రూపం మారలేదంటే gతో వరస పట్టింపు లేదని అర్థం. కాబట్టి కేంద్రం అంటే ఒంటరి కుటుంబాలన్నీ కలిసినదే. కేంద్రంలో ఎందరున్నారో తెలియాలంటే పై లెక్కలో ఒకట్లు ఎన్ని ఉన్నాయో చూస్తే సరిపోతుంది.

త్రిభుజానికి ఇదే లెక్క రాస్తే 6 = 1 + 2 + 3 వస్తుంది. రెండు తిప్పుళ్లు ఒక కుటుంబం, మూడు తిరగేతలు ఒక కుటుంబం, కదపకపోవడం ఒంటరి. ఉన్నది ఒకే ఒకటి.

ఇప్పుడు అసలు కీలకం. కుటుంబంలో ఎందరుండాలన్నది ఇష్టారాజ్యం కాదు. ఆ సంఖ్య సమూహపు పరిమాణాన్ని శేషం లేకుండా భాగించాలి. ఎందుకో చూడండి. x అనే కదలికకు రూపాలు కావాలంటే సమూహంలోని ఒక్కొక్క gనీ వాడి చూస్తాం. కొన్ని g లు xను ఏమీ మార్చవు, అవి xతో కలిసిపోయేవి. అవి m ఉన్నాయనుకుందాం. ఇప్పుడు x కు ఏదో ఒక రూపాన్ని తీసుకోండి, దాన్ని తెచ్చిన g ఒకటుంటుంది. అదే రూపాన్ని h అనే ఇంకో కదలిక కూడా తెచ్చిందంటే, g, h ల మధ్య తేడా xను మార్చని కదలికే అయి ఉండాలి. అలాంటి తేడాలు సరిగ్గా m. కాబట్టి ప్రతి రూపాన్నీ తెచ్చే కదలికలు సరిగ్గా m ఉంటాయి, ఒకటి ఎక్కువ కాదు, ఒకటి తక్కువ కాదు. రూపాల సంఖ్యను mతో గుణిస్తే మొత్తం సమూహపు పరిమాణం వచ్చేస్తుంది. చదరంలో నిలువు తిరగేతతో కలిసిపోయేవి నాలుగు: కదపకపోవడం, 180 తిప్పుడు, అదే నిలువు తిరగేత, అడ్డ తిరగేత. ఎనిమిదిని నాలుగుతో భాగిస్తే రెండు, కుటుంబంలో ఇద్దరే. త్రిభుజపు తిరగేతతో కలిసిపోయేవి రెండే, కదపకపోవడమూ తానూ. ఆరును రెండుతో భాగిస్తే మూడు.

ఇంతవరకు చెప్పింది ఏ పరిమిత సమూహానికైనా వర్తిస్తుంది. 8 ప్రత్యేకత ఇక్కడే బయటపడుతుంది. ఎనిమిదిని భాగించే సంఖ్యలు 1, 2, 4, 8. ఒకటిని మినహాయిస్తే మిగిలినవన్నీ సరి సంఖ్యలు. కాబట్టి ఒంటరివి కాని కుటుంబాలను ఎలా కలిపినా వచ్చే మొత్తం సరి సంఖ్యే. ఒంటరి కుటుంబం కదపకపోవడం ఒక్కటే అయితే, ఒకటికి సరి సంఖ్యను కలిపినట్టు, మొత్తం బేసి అవుతుంది. 8 బేసి కాదు. కాబట్టి కదపకపోవడానికి తోడుగా ఇంకొక ఒంటరి ఉండి తీరాలి.

2 స్థానంలో p అనే ఏ ప్రధాన సంఖ్యను పెట్టినా వాదన ఇదే. పరిమాణం pⁿ అయితే దాని భాజకాలు 1, p, p², అలా pⁿ దాకా. ఒంటరి కాని ప్రతి కుటుంబంలోనూ సభ్యుల సంఖ్య p గుణిజం. మొత్తం కూడా p గుణిజం. మొత్తంలోంచి వాటిని తీసేస్తే మిగిలే ఒంటరుల సంఖ్య కూడా p గుణిజమే కావాలి. అది సున్నా కాదు, కదపకపోవడం ఉందిగా. కనుక కనీసం p. సిద్ధాంతం పూర్తయింది.

ఆరు దగ్గర ఇది ఎక్కడ తెగిందో కూడా కనబడుతోంది. ఆరులో 2, 3 అనే రెండు వేర్వేరు ప్రధాన సంఖ్యలు కాపురం చేస్తున్నాయి. ఒక కుటుంబం 2 సైజులో, ఇంకొకటి 3 సైజులో ఉండగలిగాయి, ఆ రెండూ కలిసి 5 అయి, ఒకటితో జతపడి లెక్క సరిపోయింది. ఒకే ప్రధాన సంఖ్య ఉంటే ఇలాంటి సర్దుబాటుకు చోటు లేదు. అలాగని 6 పరిమాణమున్న ప్రతి సమూహానికీ కేంద్రం ఉండదని అనుకోకూడదు. 60 డిగ్రీల చొప్పున తిప్పే ఆరు తిప్పుళ్లనే తీసుకుంటే వాటికి ఎక్కడా వరస పట్టింపు లేదు, మొత్తం సమూహమే కేంద్రం. ప్రధాన సంఖ్య ఘాతం ఇచ్చేది హామీ. మిగతా సంఖ్యల దగ్గర హామీ ఉండదు, అంతే తేడా.

అట్టముక్కలతో పని లేని ఉదాహరణ ఒకటి చూద్దాం. 0, 1, 2 అంకెలతో మూడేసి చొప్పున (a, b, c) అనే గుత్తులు రాయండి. అలాంటివి 3 × 3 × 3, అంటే 27. రెండు గుత్తులను కలపడానికి నియమం ఇది:

(a, b, c) · (a′, b′, c′) = (a + a′, b + b′, c + c′ + a b′)

కూడికల ఫలితం 3 గాని అంతకు మించి గాని వస్తే 3తో భాగించి శేషమే రాసుకోవాలి. చివరనున్న a b′ అన్న ముక్క వల్ల వరస మారితే ఫలితం మారుతుంది. ఎంత మారుతుంది? రెండు వరసలకూ తేడా a b′ − a′ b మాత్రమే, అదీ మూడో స్థానంలోనే. ఇప్పుడు a, b రెండూ సున్నాలైతే తేడా ఎప్పుడూ సున్నాయే. కాబట్టి (0,0,0), (0,0,1), (0,0,2) అనే మూడూ కేంద్రంలో ఉన్నాయి. a, b లలో ఒకటైనా సున్నా కాకపోతే, మూడో స్థానంలో మూడు విలువలూ రూపాలుగా వస్తాయి, కుటుంబంలో ముగ్గురు. అలాంటి (a, b) జతలు 8, కాబట్టి కుటుంబాలూ 8. లెక్క చూడండి: మూడు ఒంటరులు, ఎనిమిది మూళ్లు ఇరవైనాలుగు, మొత్తం 27. సిద్ధాంతం కనీసం మూడు అంది, ఇక్కడ సరిగ్గా మూడే ఉన్నాయి. ఆ కనీసపు హద్దును ఇంతకంటే పెంచలేమని ఈ ఉదాహరణే చెబుతోంది.

ఈ సంగతిని 1872లో నార్వే గణితవేత్త లుడ్విగ్ సీలో ప్రచురించాడు. మాథమాటిషె అన్నాలెన్ అనే జర్మన్ పత్రికలో వచ్చిన చిన్న వ్యాసం అది. సీలో సిద్ధాంతాలని ఎమ్మెస్సీ విద్యార్థులందరూ చదివేవి అందులోవే. ఆయన అప్పుడు ఫ్రెడెరిక్‌షాల్డ్ అనే ఊళ్లో, ఇప్పుడు దాన్ని హాల్డెన్ అంటున్నారు, స్కూలు మాస్టారు. 1858 నుంచి 1898 దాకా అక్కడే పాఠాలు చెప్పాడు. అప్పటి గణితజ్ఞులకు సమూహాలు ఎక్కువగా సమీకరణాల మూలాలను అటూ ఇటూ మార్చే ప్రస్తారాలుగానే తెలుసు. ఒక సమీకరణానికి చెందిన సమూహపు పరిమాణం ప్రధాన సంఖ్య ఘాతమైతే, ఆ సమీకరణాన్ని కూడికలు, గుణకారాలు, వర్గమూలాల వంటి మూలాలు తీయడాలతోనే సాధించవచ్చని దీన్నుంచి వస్తుంది. కేంద్రం ఉందని తెలిస్తే ఆ దాకా ఎలా వెళ్లగలం? కేంద్రం దొరకడం మొదటి మెట్టు మాత్రమే. తర్వాతి మెట్లున్నాయా అన్నదే అసలు ప్రశ్న.

మెట్లు ఎక్కడమంటే ఇలా. కేంద్రం దొరికాక, కేంద్రంలోని కదలిక మేరకు మాత్రమే తేడా ఉన్నవాటిని ఒకటిగా లెక్కేద్దాం. చదరంలో 180 తిప్పుడు తేడాను పట్టించుకోకపోతే, కదపకపోవడమూ 180 తిప్పుడూ ఒకటే, 90 డిగ్రీలూ 270 డిగ్రీలూ ఒకటే, నిలువు తిరగేతా అడ్డ తిరగేతా ఒకటే, కర్ణాలవి రెండూ ఒకటే. ఎనిమిది కాస్తా నాలుగు జతలయ్యాయి. ఈ నాలుగూ కూడా ఒక సమూహమే, దీన్ని కోషెంట్ గ్రూపు అంటారు. అందులో వరస పట్టింపు ఎక్కడా లేదు, అంతా కేంద్రమే. 8 నుంచి 4కు, 4 నుంచి 1కి. రెండు మెట్లలో పని అయిపోయింది. ఇలా ఒక్కో దశలో కేంద్రాన్ని పక్కన పెడుతూ పోతే పరిమిత సంఖ్యలో మెట్లకు ఏమీ మిగలకుండా పోయే సమూహాన్ని నిల్‌పొటెంట్ అంటారు.

ఇక్కడ విద్యార్థులు తరచూ తొట్రుపడే చోటు ఒకటుంది. కేంద్రం ఉంది కాబట్టి నిల్‌పొటెంట్ అయిపోతుందని అనేస్తారు. కాదు. సమషడ్భుజి తీసుకోండి, ఆరు భుజాల అట్ట. కదలికలు 12: ఆరు తిప్పుళ్లు, ఆరు తిరగేతలు. 180 డిగ్రీల తిప్పుడు ఇక్కడా కేంద్రంలో ఉంది. దాన్ని పట్టించుకోకపోతే ఆరు తిప్పుళ్లు మూడవుతాయి, ఒకదానికొకటి లంబంగా ఉన్న గీతలు జతకట్టి ఆరు తిరగేతలూ మూడవుతాయి. మిగిలిన ఆరూ అచ్చంగా త్రిభుజపు ఆరు కదలికల్లాగే ప్రవర్తిస్తాయి. త్రిభుజానికి కేంద్రం లేదని మనకు ముందే తెలుసు. రెండో మెట్టు దగ్గరే దారి మూసుకుపోయింది. షడ్భుజి సమూహానికి కేంద్రముంది, కానీ అది నిల్‌పొటెంట్ కాదు.

ఇప్పుడు అష్టభుజి, ఎనిమిది భుజాల అట్ట. కదలికలు 16. కేంద్రంలో మళ్లీ కదపకపోవడమూ 180 డిగ్రీల తిప్పుడూ మాత్రమే. 180 తేడాను వదిలేస్తే ఎనిమిది తిప్పుళ్లు నాలుగవుతాయి, ఎనిమిది తిరగేతలు నాలుగవుతాయి. మిగిలింది చదరపు సమూహమే, 45 డిగ్రీలు అక్కడ 90 డిగ్రీల పని చేస్తుంది. చదరం నుంచి 4కు, అక్కణ్ణుంచి 1కి దిగడం ఇందాక చూశాం. 16, 8, 4, 1. మూడు మెట్లు.

షడ్భుజి ఆగిపోయి అష్టభుజి ఎందుకు సాగింది? కేంద్రం పరిమాణం సమూహ పరిమాణాన్ని భాగిస్తుంది. పరిమాణం pⁿ అయితే కేంద్రం పరిమాణం కూడా p ఘాతమే, భాగిస్తే మిగిలే కోషెంట్ పరిమాణమూ p ఘాతమే. అంటే ఒక మెట్టు ఎక్కిన తర్వాత మన చేతిలో ఉన్నది మళ్లీ అదే జాతి సమూహం, కాస్త చిన్నది. ఇందాకటి లెక్క దానికీ వర్తిస్తుంది, దానికీ కేంద్రం ఉంది. ప్రతి మెట్టులోనూ పరిమాణం కనీసం p రెట్లు తగ్గుతుంది. n మెట్లు దాటకుండానే ఒకటికి చేరి తీరాలి. షడ్భుజిలో 12 ను 2 తో భాగించగానే 6 వచ్చింది, ఆ ఆరుకు హామీ ఏదీ లేదు. కేంద్రం ఉందన్న సిద్ధాంతం కన్నా, ఆ సిద్ధాంతాన్ని మళ్లీ మళ్లీ వాడుకునే వీలుండటమే ఇక్కడ ఎక్కువ బలమని నాకు అనిపిస్తుంది. సీలో దగ్గర సమీకరణం లొంగడం కూడా ఇందుకే: ఒక్కో మెట్టుకూ వరస పట్టింపు లేని ఒక ముక్క విడిపోతుంది.

మెట్లను ఇంకోవైపు నుంచి కూడా చూడవచ్చు. రెండు కదలికలు a, b లకు వరస పట్టింపు ఎంత ఉందో కొలవాలంటే, a చేసి, b చేసి, aను వెనక్కి తీసి, bను వెనక్కి తీయాలి. పట్టింపు లేకపోతే మొదటికే వస్తాం. ఉంటే ఏదో ఒక కదలిక మిగులుతుంది, దాన్ని కమ్యుటేటర్ అంటారు. ఒక బహుభుజిలో ఏదో కోణం తిప్పుడుకూ ఒక తిరగేతకూ కమ్యుటేటర్ కడితే ఆ కోణానికి రెట్టింపు తిప్పుడు వస్తుంది. ఎందుకంటే తిరగేతల మధ్య పడిన వెనుక తిప్పుడు ముందు తిప్పుడుగా మారి, మొదటిదానికి కలుస్తుంది. వచ్చినదానికి మళ్లీ అదే తిరగేతతో కమ్యుటేటర్ కడుతూ పోండి. అష్టభుజిలో 45 తో మొదలుపెడితే 90, తర్వాత 180, తర్వాత 360. 360 అంటే కదపకపోవడమే. మూడు సార్లకు తేడా మాయమైంది, మెట్లూ మూడే. షడ్భుజిలో 60 తో మొదలుపెడితే 120, 240, తర్వాత 480, అంటే మళ్లీ 120. ఆ తర్వాత 240, 120, 240 అంటూ ఎన్నాళ్లు తిరిగినా సున్నాకు రాదు. 360ను రెట్టింపులతో అందుకోలేకుండా అడ్డుపడుతున్నది షడ్భుజిలో ఉన్న ఆ 3. నిల్‌పొటెంట్ అవుతుందో లేదో ఇంత తేలిగ్గా కళ్లకు కట్టే చోటు నాకు ఇంకొకటి కనబడలేదు.

కేంద్రం తప్పనిసరన్న ఒక్క మాటతో ఇంకో ఫలితం చేతికొస్తుంది. పరిమాణం p² అయితే, అంటే 4, 9, 25, 49 లాంటివైతే, ఆ సమూహంలో వరస పట్టింపు అసలే ఉండదు. కేంద్రంలో p మందే ఉన్నారనుకోండి. కేంద్రం బయట x అనే కదలిక ఒకటి తీసుకోండి. xతో కలిసిపోయేవాటిలో కేంద్రమంతా ఉంది, x కూడా ఉంది, కాబట్టి అవి p కన్నా ఎక్కువ. ఆ సంఖ్య p² ను భాగించాలి, pకన్నా పెద్దదంటే p² ఒక్కటే. అంటే x అందరితోనూ కలిసిపోతోంది, అది కేంద్రంలోదే. కేంద్రం బయటిదని కదా తీసుకున్నాం, కుదరదు. కాబట్టి కేంద్రం p² అంతా. 9 మంది సభ్యులున్న సమూహాన్ని ఎవరు ఎంత తెలివిగా కట్టినా, అందులో వరసను బట్టి మారే రెండు కదలికలను పెట్టలేరు. p³ దగ్గర ఈ కట్టడి సడలిపోతుంది, చదరమూ 27 గుత్తులూ చూశాంగా.

అక్కణ్ణుంచి పైకి వైవిధ్యం విపరీతంగా పెరుగుతుంది. నిర్మాణంలో వేర్వేరుగా ఉన్న సమూహాలు 8 పరిమాణంలో 5. 16లో 14, 32లో 51, 64లో 267, 128లో 2,328, 256లో 56,092. 512కు వచ్చేసరికి అవి కోటి దాటి 1,04,94,213. 1024లో 4,948 కోట్లకు పైగా. వీటిని కంప్యూటర్లతో లెక్కగట్టిన పద్ధతి కూడా మెట్ల మీదే నడుస్తుంది. చిన్న సమూహం నుంచి మొదలుపెట్టి, ఏ పెద్ద సమూహంలో ఒక మెట్టు తీసేస్తే ఇది మిగులుతుందో వెతుకుతూ పైకి కట్టుకుంటూ పోతారు. ప్రతి సమూహమూ ఏదో ఒక చిన్నదాని మీద ఇలా లేచిందేనని ముందే తెలుసు కాబట్టి ఏదీ తప్పిపోదు.

ఇదంతా పరిమిత సమూహాల మాట. ఆ షరతు తీసేస్తే ఏమవుతుందో కూడా బహుభుజుల దగ్గరే చూడవచ్చు. చదరం, అష్టభుజి, 16 భుజాలది, 32 భుజాలది, అలా ఆగకుండా పోయే వరస తీసుకుని, వాటి కదలికలన్నీ ఒకే వృత్తం మీద కలిపేయండి. ఏ తిప్పుడు తీసుకున్నా 2 ఘాతమంత సార్లు చేస్తే మొదటికి వస్తుంది, తిరగేత రెండు సార్లకే వస్తుంది. ఒక్కొక్క కదలికను విడిగా చూస్తే ఇది మన జాతిదే. కేంద్రమూ ఉంది, యథాప్రకారం 180 డిగ్రీల తిప్పుడు. కానీ ఆ తేడాను వదిలేసి ఒక మెట్టు ఎక్కితే, ప్రతి కోణమూ రెట్టింపై, మిగిలింది మళ్లీ అదే సమూహం. చిన్నది కాలేదు. రెండో మెట్టులో 90 డిగ్రీల గుణిజాలు తొలగుతాయి, మూడో మెట్టులో 45వి, నాలుగో మెట్టులో 22.5వి, ఎన్ని మెట్లెక్కినా తిరగేతలు ఒక్కటీ తొలగవు. పరిమాణం తగ్గుతూ పోతుందన్న ఆసరా లేకపోవడంతో నిల్‌పొటెంట్ అన్న ముగింపు జారిపోయింది. కేంద్రం సంగతీ అంతే. అనంతాన్ని pతో భాగించి శేషం ఎంతని అడగలేం, కాబట్టి ఒంటరుల లెక్కకు ఆధారం ఉండదు. 1980లో రోస్తిస్లావ్ గ్రిగోర్చుక్ నిర్మించిన ఒక అనంత సమూహంలో ప్రతి కదలికా 2 ఘాతమంత సార్లకు మొదటికి వస్తుంది, అయినా అందరితోనూ కలిసిపోయేది అందులో కదపకపోవడం ఒక్కటే.